జర్నల్ క్లబ్‌లో గౌట్రె పేపర్: "రిట్రాక్ట్ అయింది" అనకుండా తప్పెక్కడుందో చెప్పాలట

లావణ్య_ఫార్మ్‌డి

అందరికీ నమస్తే. గుంటూరు దగ్గర ఫార్మ్‌డి నాలుగో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం జర్నల్ క్లబ్ నా వంతు. మా మేడం 2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పేపర్ ఇచ్చారు. అదే, రచయితల్లో మొదటి పేరు గౌట్రెది, చివరి పేరు రౌల్ట్‌ది.

షరతు ఏంటంటే, ఈ పేపర్‌ని 2024 డిసెంబర్‌లో వెనక్కి తీసుకున్నారన్న మాట స్లైడ్లలో ఎక్కడా రాకూడదు. "2020 మార్చి 20న ఇది ఆన్‌లైన్‌లోకి వచ్చింది. ఆ రోజు నీ చేతిలో ఇదొక్కటే ఉంటే ఏం చెప్తావో అది చెప్పు" అన్నారు.

చదువుతుంటే నాకు అంతా కరెక్టే అనిపిస్తోంది, అదే నా టెన్షన్. మందు తీసుకున్నవాళ్లలో ఆరో రోజుకి 70 శాతం మందికి వైరస్ కనబడలేదు, తీసుకోనివాళ్లలో 12.5 శాతానికే కనబడలేదు. p = 0.001. ఇంత తేడా కనిపిస్తుంటే తప్పు పట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణలంక_కిరణ్

ఇందులో ఆలోచించేదేముంది? మొత్తం కలిపి 40 మంది లేరు. శాంపిల్ చిన్నది, కాబట్టి చెల్లదు. ఒక్క స్లైడ్‌తో అయిపోతుంది, మిగతా టైంలో టీ తాగండి.

బయోస్టాట్_మాస్టారు

కిరణ్ గారూ, ఆ ఒక్క స్లైడ్ పెడితే వాళ్ల మేడం అడిగే తర్వాతి ప్రశ్న నేను ఇప్పుడే చెప్తాను: "సరే, ఇదే పద్ధతిలో 4,000 మందితో చేసి ఉంటే నమ్ముతావా?" అప్పుడేం చెప్తారు?

చిన్న శాంపిల్ వల్ల వచ్చే చిక్కు ఏంటంటే, అంకె అటూ ఇటూ ఊగుతుంది. అందుకేగా p విలువ లెక్కగట్టేది. ఇక్కడ అది 0.001 వచ్చింది, అంటే తేడా ఊరికే కాకతాళీయంగా వచ్చే అవకాశం తక్కువ. కానీ తేడా ఉండటం వేరు, ఆ తేడా మందు వల్లే రావడం వేరు. పోల్చిన తీరే వంకరగా ఉంటే మనుషుల్ని పెంచినా వంకర పోదు, ఇంకా ధీమాగా తప్పు చెప్తుంది.

లావణ్యా, ముందు ఒక పని చేయమ్మా. శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ పక్కన పెట్టు. ఫలితాల భాగం, టేబుళ్లు మాత్రం చూసి, వాళ్లు నిజంగా కనుక్కున్నది ఏంటో నీ సొంత మాటల్లో ఒక్క వాక్యం రాయి. ఎవరికి, ఏమిచ్చి, ఎవరితో పోల్చి, ఏది, ఎన్నో రోజున కొలిచారు అన్నవన్నీ అందులో ఉండాలి. "పనిచేసింది", "నయమైంది" అనే మాటలు వాడకూడదు. రాసి ఇక్కడ పెట్టు.

రమాదేవి_కరీంనగర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకి కీళ్లవాతం, నాలుగైదేళ్లుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 వేసుకుంటోంది. ఈ మందు మీద పేపర్ వెనక్కి తీసుకున్నారంటున్నారు కదా, అంటే మందు మంచిది కాదనేనా? ఆపేయమంటారా? ఇది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

వరంగల్_పీజీ_మెడిసిన్

రమాదేవి గారూ, ఆపకండి. ఈ పేపర్ కోవిడ్ గురించి. కీళ్లవాతానికి, లూపస్‌కి ఈ మందు ఎన్నో ఏళ్ల నుంచి వాడుతున్నారు, దాని ఆధారాలు వేరు. ఈ పేపర్ నిలబడినా పడినా అమ్మ గారి కీళ్లకి సంబంధం లేదు. అమ్మకి కళ్ల పరీక్ష చేయిస్తున్నారా? చాలా కాలం వాడేవాళ్లకి రెటీనా చూడాలి. మీ రుమటాలజిస్టుని అడగండి, ఏ మార్పైనా ఆయన చెప్పాకే.

రమాదేవి_కరీంనగర్

థాంక్యూ తమ్ముడూ. కళ్ల పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదు, అడుగుతాను. 2020లో ఇదే మందు మా ఊళ్లో ఏ షాపులోనూ దొరకలేదు, అప్పుడు పడ్డ తిప్పలు గుర్తొచ్చి భయపడ్డాను.

లావణ్య_ఫార్మ్‌డి

మాస్టారూ, ఇదిగో రాశాను:

"మార్సెయ్ ఆసుపత్రిలో రోజుకు 600 మిల్లీగ్రాముల హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్న 20 మందిలో 14 మందికి ఆరో రోజున ముక్కు లోపలి స్వాబ్ పీసీఆర్‌లో నెగటివ్ వచ్చింది, ఆ మందు తీసుకోని 16 మందిలో, అంటే వేరే ఊళ్ల ఆసుపత్రుల్లోని వాళ్లూ, మార్సెయ్‌లోనే మందు వద్దన్నవాళ్లూ ఇవ్వకూడని కారణం ఉన్నవాళ్లూ కలిపి, ఇద్దరికి నెగటివ్ వచ్చింది."

రాస్తుంటేనే కొంచెం తేడాగా అనిపించింది. శీర్షికలో "కోవిడ్-19 చికిత్స" అని ఉంది. నా వాక్యంలో జ్వరం లేదు, ఆయాసం లేదు, డిశ్చార్జ్ లేదు, మరణం లేదు. స్వాబ్ ఒక్కటే ఉంది.

బయోస్టాట్_మాస్టారు

భేష్. నీ వాక్యానికీ వాళ్ల శీర్షికకీ మధ్య ఉన్న ఖాళీయే నీ జర్నల్ క్లబ్. ఆ ఖాళీ దాటాలంటే పాఠకుడు కొన్ని విషయాలు మనసులో ఒప్పేసుకోవాలి, అవి పేపర్‌లో ఎక్కడా రాసి ఉండవు. నాకు ముఖ్యంగా మూడు కనిపిస్తున్నాయి. స్వాబ్‌లో వైరస్ కనబడకపోతే రోగి బాగుపడినట్టే అనుకోవాలి. ఆ 16 మందికి మందు ఇచ్చి ఉంటే వాళ్లూ ఈ 20 మందిలాగే ఉండేవాళ్లని అనుకోవాలి. 20 అంటే మందు మొదలుపెట్టిన అందరూ అని అనుకోవాలి.

మూడోది అన్నిటికన్నా తేలిక. మందు మొదలుపెట్టింది ఎంతమంది? ఫలితాల భాగం మొదటి పేరా చూడు.

లావణ్య_ఫార్మ్‌డి

26 మంది! ఆరుగురిని "ఫాలో అప్‌కి అందలేదు" అని తీసేశారు. ఆ మాట చూసి ఇంటికి వెళ్లిపోయి ఉంటారులే అనుకుని ముందుకెళ్లిపోయాను. ఇప్పుడు వరసగా చదివితే ఇలా ఉంది: ముగ్గురిని ఐసీయూకి మార్చారు. ఒకరు మూడో రోజున చనిపోయారు. ఒకరు ఆసుపత్రి నుంచి వెళ్లిపోయారు. ఒకరు వికారం వల్ల మందు ఆపేశారు.

ఐసీయూకి వెళ్లినవాళ్లు "అందకపోవడం" ఏంటండీ, ఎక్కడున్నారో తెలుసు కదా!

కృష్ణలంక_కిరణ్

అయిపోయింది, దొరికారు. ఫెయిలైనవాళ్లని తీసేసి పాసైనవాళ్లతో 70 శాతం వేసుకున్నారు. అసలు లెక్క వేస్తే తేడా ఏమీ ఉండదు.

బయోస్టాట్_మాస్టారు

కిరణ్ గారూ, "తేడా ఏమీ ఉండదు" అనే ముందు వేసి చూద్దాం. ఆరుగురినీ విఫలమైనట్టే లెక్కేయండి. 26లో 14 అంటే దాదాపు 54 శాతం. కంట్రోల్ వైపు 16లో 2, అంటే 12.5. తేడా తగ్గింది కానీ పోలేదు. అప్పటికీ p విలువ 0.05 కన్నా కిందే ఉంటుంది.

కాబట్టి ఆ ఆరుగురిని తీసేయడం తప్పే, కానీ దాని ఒక్కదానితో పేపర్ కూలదు. లావణ్య ఈ లెక్క వేయకుండా వెళ్లి "ఆరుగురిని తీసేశారు, కాబట్టి ఫలితం అబద్ధం" అంటే, గదిలో లెక్క వచ్చినవాళ్లు ఎవరో ఒకరు 54 అని లేస్తారు, అక్కడితో చర్చ ముగుస్తుంది. లోపం ఉందని చెప్పడం చాలదు, అది ఫలితాన్ని ఎటు లాగుతోంది, ఎంత లాగుతోంది అనేది కూడా చెప్పాలి.

ఇప్పుడు చనిపోయిన ఆ ఒక్కరి వివరం మళ్లీ చదువు లావణ్యా. ముందు రోజు పీసీఆర్ ఏమని ఉంది?

లావణ్య_ఫార్మ్‌డి

రెండో రోజు నెగటివ్. మూడో రోజు చనిపోయారు.

ఇది కొంచెం సేపు అలాగే చూస్తుండిపోయాను మాస్టారూ. అంటే వాళ్ల కొలత ప్రకారం చూస్తే ఆయన "వైరస్ పోయిన" రోగి.

వరంగల్_పీజీ_మెడిసిన్

నా దృష్టిలో ఈ పేపర్‌లో అన్నిటికన్నా బరువైన వాక్యం అదే. కోవిడ్‌లో మనుషులు చనిపోయేది చాలావరకు రెండో వారంలో, ఊపిరితిత్తుల్లో మంట పెరిగి. అప్పటికి ముక్కులో వైరస్ తగ్గుముఖం పట్టి ఉండొచ్చు. ముక్కు స్వాబ్ నెగటివ్ వచ్చి, ఎక్స్‌రే తెల్లగా నిండిపోయి, ఆక్సిజన్ పెంచుకుంటూ పోయిన కేసులు వార్డులో మేమూ చూశాం. అలాంటప్పుడు స్వాబ్ ఫలితాన్ని చికిత్స ఫలితం అనడం ఎలా కుదురుతుంది?

రోగికి ఏమైంది అని చూస్తే లెక్క ఇంకోలా కనబడుతుంది. మందు మొదలుపెట్టిన 26 మందిలో నలుగురు ఐసీయూకి వెళ్లారు లేదా చనిపోయారు. కంట్రోల్ వైపు 16 మందిలో అలా ఎవరూ లేరు.

కృష్ణలంక_కిరణ్

వామ్మో. అంటే మందే వాళ్లని ఐసీయూకి పంపించిందన్నమాట. శీర్షిక తిప్పి రాయాలి.

బయోస్టాట్_మాస్టారు

అది కూడా అనడానికి లేదు. 26లో నలుగురు, 16లో సున్నా. ఇంత చిన్న అంకెల్లో ఈ తేడా కాకతాళీయంగానే రావచ్చు. మీరు మొదట అన్న "శాంపిల్ చిన్నది" అనే మాట సరిగ్గా పనికొచ్చే చోటు ఇదే.

ఇంకో కోణం ఉంది. కంట్రోల్ వాళ్లని ముందుగా లాటరీ వేసి ఎంచుకోలేదు. మందు తీసుకున్నవాళ్ల సగటు వయసు 51, కంట్రోల్ వాళ్లది 37. వయసు ఎక్కువైతే జబ్బు ముదిరే అవకాశమూ ఎక్కువే కదా. అంటే ఆ వయసు తేడా మందుకి వ్యతిరేకంగా లాగుతోంది, అనుకూలంగా కాదు. తప్పు వెతకడమంటే రచయితలకి ఎదురొచ్చేవే ఏరుకోవడం కాదమ్మా, వాళ్లకి కలిసొచ్చేదీ చెప్పాలి. జర్నల్ క్లబ్‌లో దీన్ని మింగేస్తే నువ్వూ ఆరుగురిని తీసేసినట్టే.

లావణ్య_ఫార్మ్‌డి

ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతున్నాను మాస్టారూ. ఆరుగురిని కలిపినా తేడా ఉంది. వయసు తేడా వాళ్లకే నష్టం. మరి 54కీ 12.5కీ ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చినట్టు? నిజంగా మందు వల్లే అయి ఉండకూడదా?

బయోస్టాట్_మాస్టారు

అయి ఉండొచ్చు. ఈ పేపర్ చూసి కాదని చెప్పలేం. అవునని కూడా చెప్పలేం, ఎందుకంటే నేను చెప్పిన రెండో ఊహ దగ్గర అంతా తెగిపోతుంది.

మందు తీసుకున్నవాళ్లంతా ఒకే ఆసుపత్రి, ఒకే లేబొరేటరీ. కంట్రోల్ వాళ్లలో చాలామంది వేరే ఊళ్ల వాళ్లు. స్వాబ్ ఎవరు తీశారు, ఎంత లోతుగా తీశారు, పీసీఆర్ యంత్రంలో ఎన్నో సైకిల్ దాకా చూసి నెగటివ్ అన్నారు, ఇవన్నీ చోటును బట్టి మారతాయి. రోగుల టేబుల్‌లో మార్సెయ్ వాళ్లకి చాలా చోట్ల సైకిల్ అంకెలు కనిపిస్తాయి, వేరే ఊళ్ల కంట్రోల్ వాళ్లకి చాలావరకు ఉత్త పాజిటివ్, నెగటివ్ మాటలే. ఇంకా గమనించు, కంట్రోల్ వాళ్లలో కొందరికి ఆరో రోజు పరీక్షే చేయలేదు, ఆ గడిలో ND అని ఉంటుంది. ఆరో రోజున పోల్చామని చెప్పే పేపర్‌లో ఆరో రోజు గడి ఖాళీ! సరుకుని రెండు వేర్వేరు కాటాల మీద తూచి, ఒకదాని మీద కొన్నిసార్లు అసలు తూచకుండా, బరువులో తేడా ఉందంటున్నారు.

ఇక మందు వద్దన్నవాళ్లు. వద్దన్న మనిషికీ సరేనన్న మనిషికీ తేడా ఉండదా? ఉంటుంది, ఎటువైపో తెలియదు. ఇది ఫలితాన్ని ఎటు లాగుతోందో చెప్పలేని లోపం. నా మటుకు నాకు ఇలాంటివే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే వీటిని లెక్కలో సరిచేయడానికి ఉండదు. లాటరీ వేసి రెండు గుంపులు చేయడం అనేది అందుకే పుట్టింది.

డల్లాస్_రావు

నల్గొండ మాది, ఇక్కడ క్లినికల్ ట్రయల్స్ డేటా పనిలో ఉన్నాను. ఒకటి జోడిస్తాను. నేను ఏ ట్రయల్ పేపర్ చదివినా ముందు రిజిస్ట్రీ తెరుస్తా. ట్రయల్ మొదలయ్యేటప్పుడు ఏం కొలుస్తామని రాసిచ్చారో అందులో ఉంటుంది. మార్సెయ్ ట్రయల్ యూరప్ రిజిస్ట్రీలో ఉంది, పేపర్‌లో నంబర్ కూడా ఇచ్చారు: 2020-000890-25.

అందులో ముఖ్య ఫలితం కింద రాసిన రోజులు 1, 4, 7, 14. పేపర్‌లో ఆరో రోజు. ఆరు ఎక్కడి నుంచి వచ్చింది? మందేమో పది రోజుల కోర్సు. మార్చి మొదట్లో చేర్చుకోవడం మొదలుపెట్టారు, మార్చి 16 దాకా వచ్చిన డేటాతో రాశారు, కాబట్టి 14వ రోజు దాకా చాలామంది వచ్చి ఉండరు కూడా. సగం సినిమా చూసి రివ్యూ రాసినట్టు కాదా అని అడగబోయాను, మాస్టారు కాటా తెచ్చాక నా సినిమా ఎందుకులే. సూటిగా చెప్తా: డేటా చూసుకుంటూ ఆగే రోజు ఎంచుకుంటే, తేడా బాగా కనబడిన రోజు దగ్గర ఆగే వీలు ఉంటుంది. వాళ్లు అలా చేశారని నేను అనట్లే. అలా చేయలేదని పాఠకుడు తెలుసుకునే దారి లేదు అంటున్నా.

అనుకున్న సంఖ్య కూడా చూడండి. ఒక్కో గుంపుకి 24 చొప్పున 48 మంది కావాలని వాళ్లే లెక్కేసి రాశారు. 42 దగ్గర రాసేశారు.

లావణ్య_ఫార్మ్‌డి

రిజిస్ట్రీ చూడాలన్న ఆలోచనే రాలేదు సార్, థాంక్యూ.

అజిత్రోమైసిన్ సంగతి నేనే చూసుకుని వచ్చాను, సరిగ్గా ఉందో లేదో చెప్పండి. రెండు మందులూ తీసుకున్న ఆరుగురిలో ఆరుగురికీ నెగటివ్, 100 శాతం. ఒక్క హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకున్న 14 మందిలో 8 మందికి, 57 శాతం. అజిత్రోమైసిన్ ఎవరికివ్వాలో లాటరీతో నిర్ణయించలేదు, బాక్టీరియా ఇన్ఫెక్షన్ రాకుండా డాక్టర్ అవసరమనుకున్నవాళ్లకి ఇచ్చారు. అంటే ఇక్కడ కూడా గుంపులు సమానం అనడానికి ఆధారం లేదు. పైగా ఆరుగురిలో ఒక్కరికి పాజిటివ్ వచ్చి ఉంటే 100 కాస్తా 83 అవుతుంది.

నిజంగా ఒకరికి వచ్చింది కూడా! ఆరో రోజు నెగటివ్ ఉన్నవాళ్లలో ఒకరికి ఎనిమిదో రోజు తక్కువ మోతాదులో మళ్లీ పాజిటివ్ వచ్చిందని వాళ్లే రాశారు. ఆరో రోజు దగ్గర ఆగారు కాబట్టి 100 శాతం నిలిచింది. రావు గారు చెప్పింది దీనికి అతికినట్టు సరిపోతుంది.

డల్లాస్_రావు

ఇది నేను పట్టుకోలే. నీ ప్రెజెంటేషన్‌లో ఇది తప్పకుండా పెట్టు చెల్లీ.

వరంగల్_పీజీ_మెడిసిన్

ఇన్ని తప్పులు చెప్పుకున్నాం గానీ, నేను ఒక్క మాట అడ్డం పడతాను. 2020 మార్చి చివర్లో మా దగ్గర ఏమీ లేదు. డెక్సామెథసోన్ పనిచేస్తుందని తెలిసింది జూన్‌లో. చవకైన మందు, డోసు తెలుసు, దుష్ప్రభావాలు తెలుసు, ఒక పేపర్ ఆశ చూపిస్తోంది. లాటరీ వేసిన ట్రయల్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఆ రోజు వార్డులో నిలబడి ఆలోచిస్తే ఈ విమర్శ అంత తేలిక కాదు.

మన ఐసీఎంఆర్ కూడా మార్చి 22న సలహా ఇచ్చింది, ఆరోగ్య సిబ్బందికి, కోవిడ్ వచ్చినవాళ్ల ఇంట్లోవాళ్లకి ముందు జాగ్రత్తగా వేసుకోమని.

బయోస్టాట్_మాస్టారు

డాక్టరు గారూ, వాడాలా వద్దా అనేది వైద్యుడి నిర్ణయం, నేను మాట్లాడను. పేపర్ ఏం రుజువు చేసింది అనేది వేరే ప్రశ్న. ఆధారం బలహీనంగా ఉన్నా వాడాల్సి రావచ్చు, వాడుతున్నాం కాబట్టి ఆధారం బలపడదు.

ఐసీఎంఆర్ సలహా మాటకొస్తే, ఈ పేపర్ చూసే ఇచ్చారని నేను అనను. కానీ అది జబ్బు రాకుండా వేసుకోవడం గురించి. గౌట్రె పేపర్‌లో ఉన్నది జబ్బు వచ్చినవాళ్ల స్వాబ్. మా వీధిలో ఈ రెంటినీ కలిపేసి, "ఫ్రాన్స్‌లో రుజువైందట" అంటూ ఏ జబ్బూ లేనివాళ్లు స్ట్రిప్పులు కొన్నారు. మార్చి 26 నాటికి కేంద్రం ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకుండా షెడ్యూల్ హెచ్1 కింద పెట్టాల్సి వచ్చింది. రమాదేవి గారి అమ్మకి మందు దొరకకపోవడం అప్పుడే కదా.

వరంగల్_పీజీ_మెడిసిన్

ఆ కొరత విషయం ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను మాస్టారూ. ఎమర్జెన్సీలో "ఏం రుజువైంది", "ఏం చేయాలి" అని ఇంత శుభ్రంగా విడదీయడం కుర్చీలో కూర్చున్నవాళ్లకి కుదురుతుంది.

బయోస్టాట్_మాస్టారు

కుర్చీ సంగతి నిజమే. కానీ ఆ ఎమర్జెన్సీలోనే, మీలాంటి వార్డు డాక్టర్లే, బ్రిటన్‌లో మార్చిలోనే రికవరీ ట్రయల్ మొదలుపెట్టి లాటరీ వేసి ఇచ్చారు. మీరు చెప్పిన డెక్సామెథసోన్ ఫలితం వచ్చిందీ అందులోంచే.

కృష్ణలంక_కిరణ్

రికవరీ ట్రయల్ సంగతి నేను చెప్తా, వెతికి చదివాను. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చినవాళ్లు 1,561 మంది, మామూలు వైద్యం 3,155 మంది. 28 రోజుల్లో చనిపోయింది ఇటు 27 శాతం, అటు 25 శాతం. ఉపయోగం లేదు. చూశారా, పెద్ద శాంపిల్ వస్తేనే నిజం తేలింది. నేను మొదట చెప్పిందీ అదే.

డల్లాస్_రావు

కిరణ్ భాయ్, పెద్ద శాంపిల్ అన్నందుకు ఒకటి గుర్తుచేస్తా. 2020 మే 22న లాన్సెట్‌లో ఇంకో పేపర్ వచ్చింది, సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు. ఈ మందు వాడితే మరణాలు ఎక్కువ అని తేల్చింది. గౌట్రె పేపర్‌ని ఉతికి ఆరేసినవాళ్లు చాలామంది దీన్ని మాత్రం వెంటనే షేర్ చేశారు, ఎందుకంటే వాళ్లు అనుకున్నదే చెప్పింది. డబ్ల్యూహెచ్‌ఓ తన ట్రయల్‌లో ఈ మందు భాగాన్ని కొన్నాళ్లు ఆపింది కూడా.

అది ఎట్లా పట్టుబడిందో తెలుసా? ఆస్ట్రేలియాలో ఏప్రిల్ 21 నాటికి తమ ఆసుపత్రుల్లోనే 73 మరణాలని అందులో ఉంది. ఆ రోజుకి ఆస్ట్రేలియా దేశం మొత్తం మీద లెక్కకొచ్చిన మరణాలు 67. దీనికి స్టాటిస్టిక్స్ అవసరం లేదు, తీసివేత వస్తే చాలు. అసలు డేటా బయటివాళ్లకి చూపించమంటే చూపించలేకపోయారు, జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు.

96 వేల మంది. శాంపిల్ చిన్నదని ఎవరూ అనలేరు కదా.

కృష్ణలంక_కిరణ్

సరే బాబూ, ఆ మాట ఇక అనను. కానీ ఒక డౌట్. గౌట్రె పేపర్‌లో లాటరీ లేదు, రికవరీలో ఉంది. రికవరీలో ఉన్నది ఆసుపత్రిలో చేరిన, కొంచెం ముదిరిన రోగులు. మార్సెయ్ వాళ్లేమో "మేం తొందరగా ఇచ్చాం, మీరు ఆలస్యంగా ఇచ్చారు" అంటారు కదా?

బయోస్టాట్_మాస్టారు

ఇది మంచి ప్రశ్న కిరణ్ గారూ, ఈ థ్రెడ్‌లో మీరడిగిన వాటిలో మొదటి ర్యాంకు దీనికే. అలా అన్నవాళ్లు ఉన్నారు. ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద వచ్చిన జవాబుని ఇంట్లో ఉన్నవాళ్లకి అలాగే అంటించలేం, ఆ మేరకు రికవరీకీ హద్దు ఉంది. అయితే ఆ వాదన చేసే బాధ్యత వాళ్లది, దానికి వాళ్ల దగ్గర ఉండాల్సింది తొందరగా ఇచ్చి, లాటరీ వేసి చేసిన ట్రయల్. ఈ పేపర్ కాదు.

లావణ్య_ఫార్మ్‌డి

మా మేడం షరతు మార్చి 20 దాకానే కాబట్టి రికవరీ, సర్జిస్ఫియర్ రెండూ స్లైడ్లలో పెట్టను, ప్రశ్నల టైంలో ఎవరైనా అడిగితే చెప్తాను.

చివరిగా ఒక సందేహం. జర్నల్ పేజీలో పేపర్ అందిన తేదీ మార్చి 16, ఆమోదించిన తేదీ మార్చి 17. ఒక్క రోజు. రచయితల్లో ఒకరు అదే జర్నల్‌కి ప్రధాన సంపాదకుడు. ఇది ఆ రోజు చదివేవాళ్లకి కూడా కనిపించేదే. స్లైడ్‌లో పెట్టొచ్చా?

డల్లాస్_రావు

మొదటి స్లైడ్‌లోనే పెట్టు. 16 దాకా డేటా, 16న పంపుడు, 17న ఓకే. ఎవరు చదివిండ్రు మధ్యలో? ఇది చూసినవాడు మిగతాది జాగ్రత్తగా చదువుతాడు.

బయోస్టాట్_మాస్టారు

నేనైతే మొదట పెట్టను. ముందే అది చెప్తే గదిలో అందరూ రచయితల మీద ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు, ఆ తర్వాత నువ్వు 54 శాతం అన్నా, వయసు తేడా వాళ్లకి నష్టమన్నా ఎవరూ వినరు. టేబుళ్లు అయ్యాక, ఇన్ని కనబడే లోపాలు సమీక్షలో ఎందుకు ఆగలేదు అనే ప్రశ్న దగ్గర చెప్పు. ఒక్క రోజులో ఆమోదించడం తప్పుకి రుజువు కాదు, మహమ్మారి రోజుల్లో అన్ని జర్నల్సూ పరుగులు పెట్టాయి.

వరంగల్_పీజీ_మెడిసిన్

ఇందులో మాత్రం నేను రావు గారి వైపు. సంపాదకుడే రచయిత అయినప్పుడు అది చదవకముందే తెలియాల్సిన విషయం.

లావణ్య_ఫార్మ్‌డి

రెండు రకాలుగానూ స్లైడ్లు చేసి మేడంకి చూపిస్తాను. టేబుల్‌లో ND ఉన్న గడులకి రంగు వేసి పెడుతున్నాను, ముందు వరసలో కూర్చునేవాళ్లకి కూడా కనబడని సైజులో ఉంది ఆ టేబుల్.